పద్దెనిమిది నిమిషాల పరీక్ష

ఉద్యోగం చేసుకుంటూ ఏసీసీఏ చదివే మనవాళ్ళు ఇక్కడ ఇంగ్లండులో చాలామందే ఉన్నారు. నేను ఐటీ కన్సల్టెంటునైనా, అకౌంటింగ్ సిస్టమ్స్ మీద పని కనుక అటు వెళ్ళాను. 2024 డిసెంబరులో ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపరు రాశాను. వారం మధ్యలో పాత ప్రశ్నపత్రాలు ఎలా చేశానో అంతవరకే చెబుతాను.

ఈ పేపరుకి వంద మార్కులు, మూడు గంటలు. అంటే మార్కుకి 1.8 నిమిషాలు. ఈ ఒక్క లెక్క మీదే నా టైమ్‌టేబులంతా నడిచింది. బి సెక్షన్లో ఒక్కో కేసుకి అయిదు ప్రశ్నలు, పది మార్కులు, అంటే 18 నిమిషాలు. రెడింగ్ నుంచి పాడింగ్టన్ వెళ్ళే ఫాస్ట్ రైల్లో ఇది హాయిగా పూర్తవుతుంది, కూర్చోవడానికి సీటు దొరికితే! సి సెక్షన్లో ప్రశ్న ఇరవై మార్కులు, కనుక 36 నిమిషాలు. దాన్ని మాత్రం రైల్లో చేయకూడదు. అసలు పరీక్షలో జవాబు కంప్యూటర్ మీద స్ప్రెడ్‌షీట్‌లోనే చేయాలి కాబట్టి ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చునే చేయాలి.

సోమవారం ఒక కేసు, బుధవారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక పెద్ద ప్రశ్న. మంగళ, గురువారాలు దిద్దుకోవడానికే. శుక్రవారం, తప్పిన భాగాన్ని మాత్రమే జవాబు చూడకుండా మళ్ళీ చేయడం. అయిదు రోజుల్లో కొత్తగా చేసింది ముప్ఫై మార్కులేనా అనిపిస్తుంది. కానీ నా ఉద్దేశంలో మార్కులు పెరిగేది దిద్దుకునే రోజునే.

దిద్దడంలో ఒక తేడా ఉంది. బి సెక్షన్లో జవాబు సరైతే రెండు, కాకపోతే సున్నా. సి సెక్షన్ని మనిషి దిద్దుతాడు. చివరి అంకె తప్పినా దారి సరైతే ఆ మేరకు మార్కులొస్తాయి, ఆ దారి కనిపిస్తేనే. కాలిక్యులేటర్ మీద చేసి అంకె ఒక్కటే టైపు చేయకుండా గడిలో ఫార్ములానే రాయాలి:

```
=10000*2.487
```

పోయిన ప్రతి మార్కు పక్కన కారణం రాసుకునేవాణ్ణి: తెలియక పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవక పోయిందా, టైము చాలక పోయిందా అని. మొదటిదైతే పుస్తకం తెరవాలి. మూడోదైతే పుస్తకంతో పని లేదు, 36వ నిమిషం దగ్గర గీత గీసి ఆపడం అలవాటు చేసుకోవాలి. గీత కింద రాసింది లెక్కలోకి రాదు.

ఇక పాత పేపర్లలో ఒక గొయ్యి ఉంది. లీజుల్లో చూడండి. ఒక కంపెనీ యంత్రాన్ని మూడేళ్ళకి అద్దెకి తీసుకుంది. ఏడాది చివర పదివేల పౌండ్లు కట్టాలి, వడ్డీ రేటు 10 శాతం. పాత ఐఏఎస్ 17 కింద దాన్ని ఆపరేటింగ్ లీజుగా చూస్తే, మొదటి ఏడాది ఖర్చు పదివేలు, అంతే. 2019 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 ప్రకారం ముందుగా అప్పు చూపించాలి: 10,000ని 2.487తో హెచ్చిస్తే 24,870. అంతే విలువ ఆస్తిగానూ వస్తుంది. దాన్ని మూడేళ్ళకి పంచితే తరుగుదల 8,290. అప్పు మీద వడ్డీ 2,487. మొదటి ఏడాది ఖర్చు మొత్తం 10,777. ఏడాది చివర మిగిలే అప్పు, వడ్డీ కలిపి పదివేలు తీసేస్తే, 17,357.

అంటే 2015 నాటి పేపరు జవాబుతో పోల్చుకుంటే మీరు సరిగ్గా చేసినదే తప్పుగా కనిపిస్తుంది. రాబడి ప్రశ్నలదీ ఇదే కథ, అక్కడ 2018 నుంచి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 వచ్చింది. జవాబులో "ఆపరేటింగ్ లీజు" అని అద్దెకి తీసుకున్నవాడి పుస్తకాల్లో కనిపించిందా, ఆ పేపరు ఆ భాగానికి పనికిరాదు. అందులోని గ్రూపు ఖాతాల ప్రశ్న మాత్రం ఇప్పటికీ బాగానే పనికొస్తుంది, మొత్తం పారేయకండి.

ఒక్క విషయంలో ఈ చిన్న ముక్కల పద్ధతి చాలదు. రెండున్నర గంటల తర్వాత కూడా కళ్ళు అంకెల మీద నిలవాలంటే అది 18 నిమిషాల సాధనతో రాదు. అందుకని చివరి నాలుగు వారాలూ శనివారం పొద్దున్న పూర్తి పేపరు, మధ్యలో లేవకుండా, ఫోను పక్కగదిలో పెట్టి.