అరిగిపోయిన రోళ్లు, మిగిలిపోయిన లాభం

రైసుమిల్లులో వడ్ల పొట్టు తీసే హల్లర్‌కు రెండు రబ్బరు రోళ్లుంటాయి. వడ్లు వాటి మధ్య నలిగి పొట్టు ఊడుతుంది. ఆ పనిలో రబ్బరూ అరుగుతుంది. సీజన్లో రోళ్లు మారుస్తూనే ఉండాలి, పాతవి తుక్కు కొట్టుకు పోతాయి. అదే మిల్లులో రంగుమారిన గింజల్ని ఏరే సార్టెక్స్ మెషిన్ పెడితే అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రోళ్లకు పెట్టింది రెవెన్యూ ఖర్చు. ఈ ఏటి రాబడి కోసం ఈ ఏడే కరిగిపోయింది కనుక మొత్తం ఈ ఏటి లాభంలోంచే తీసెయ్యాలి. సార్టెక్స్‌కు పెట్టింది మూలధన వ్యయం. అది ఆస్తిగా పుస్తకాల్లో నిలిచి, ఏటా కొంత చొప్పున తరుగుదల రూపంలో లాభంలోంచి పోతుంది.

ఖర్చు పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఖర్చు పేరునుబట్టీ తేల్చలేం. వడ్లు తెచ్చిన లారీ కిరాయి రెవెన్యూ ఖర్చు, సార్టెక్స్‌ను మిల్లుకు చేర్చిన లారీ కిరాయి మాత్రం ఆ మెషిన్ ఖరీదులోనే కలుస్తుంది. లారీ అదే, డ్రైవరూ అతనే కావచ్చు. తకరారు వచ్చేది మరమ్మతుల దగ్గర. పాత మోటారును మళ్లీ తిరిగేలా చేస్తే రెవెన్యూ ఖర్చు. దాని సామర్థ్యమో ఆయుష్షో మునుపటికన్నా పెంచితే మూలధన వ్యయం. ఈ రెంటి నడుమ ఆడిటర్లు, ఇన్‌కంటాక్స్ వాళ్లు వాదించుకునే చోటు చాలానే ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోళ్ల ఖర్చు 4 లక్షలు పోను మిల్లుకు మిగిలిన లాభం 6 లక్షలనుకోండి. గుమాస్తా ఆ 4 లక్షల్ని యంత్రాల ఖాతాలో రాశాడు. 15 శాతం తరుగుదల కింద 60 వేలే ఖర్చయినట్టు తేలుతుంది, లాభం 9 లక్షల 40 వేలవుతుంది. గల్లాపెట్టెలో మాత్రం ఒక్క రూపాయీ పెరగలేదు. రెండో ఏడాది చివర, ఏటా మిగిలినదాని మీద తరుగుదల తీస్తూ వస్తే, ఆస్తి-అప్పుల పట్టీలో ఆ రోళ్లు ఇంకా 2 లక్షల 89 వేల విలువతో కనిపిస్తాయి. తుక్కుకు పోయిన రబ్బరుకు అంత విలువ! బ్యాంకువాడు ఆ పట్టీ చూసే అప్పిస్తాడు.

తిరగేసినా తప్పే. 20 లక్షల సార్టెక్స్‌ను మొత్తం ఈ ఏటి ఖర్చులో పడేస్తే 3 లక్షలు తగ్గాల్సిన లాభం 20 లక్షలు తగ్గుతుంది. పన్ను తగ్గించుకోవాలనుకునేవాళ్లు ఈ దారి పడతారు. షేరు ధర కాపాడుకోవాలనుకునేవాళ్లు మొదటి దారి పడతారు.

ఆ మొదటి దారిలో అందరికన్నా దూరం వెళ్లిన సంస్థల్లో అమెరికాలోని వరల్డ్‌కామ్ ఒకటి. మిసిసిపీ రాష్ట్రంలోని క్లింటన్ పట్టణం దాని కేంద్రం. ఫోన్ కాల్స్, ఇంటర్నెట్ చేరవేయడానికి ఇతర ఫోన్ కంపెనీల లైన్లు వాడుకుని వాటికి రుసుము కట్టేది. ఇంటర్నెట్ విపరీతంగా పెరుగుతుందని ఆశపడి ఎన్నో లైన్లకు దీర్ఘకాలిక ఒప్పందాలు రాసుకుంది. డాట్‌కామ్ బుడగ పేలింది, అనుకున్న ట్రాఫిక్ రాలేదు. లైన్లు ఖాళీగా ఉన్నా అద్దె ఆగదు కదా. 2001లో ఆర్థికాధికారి స్కాట్ సలివన్ ఆదేశాలతో ఆ అద్దెలో కొంత ఆస్తుల ఖాతాలోకి మారింది. ఈ లైన్లు రేపు రాబడి తెస్తాయి కాబట్టి ఖర్చూ రేపటిదేనని ఆయన వాదన. వినడానికి తర్కంగానే ఉంటుంది. కానీ గడిచిన నెల అద్దె కట్టినంత మాత్రాన వచ్చే నెల లైను వాడుకునే హక్కు రాదు, దానికి మళ్లీ కట్టాల్సిందే. చేతిలో ఏమీ మిగలనప్పుడు ఆస్తి ఎక్కడిది?

2001లో ఇలా మారినవి సుమారు 305 కోట్ల డాలర్లు. ఆ ఏడు కంపెనీ ప్రకటించిన నికర లాభం దాదాపు 140 కోట్లే. అంటే సరిగ్గా రాసి ఉంటే నష్టం. 2002 మొదటి మూడు నెలల్లో ఇంకో 80 కోట్ల దాకా ఇలాగే మారాయి.

దీన్ని పట్టుకున్నది సింథియా కూపర్ నడిపిన అంతర్గత ఆడిట్ బృందం. మూలధన వ్యయాల జాబితాలో ‘ప్రీపెయిడ్ కెపాసిటీ’ అనే పద్దు వాళ్లకు తగిలింది. అదేమిటని అడిగితే సరైన జవాబు లేదు. యంత్రం కొంటే మంజూరు కాగితం, బిల్లు, దాన్ని బిగించిన చోటు ఉంటాయి. ఈ పద్దుకు అవేవీ లేవు. చివరికి కంట్రోలర్ డేవిడ్ మైయర్స్‌ను నిలదీస్తే, దీన్ని సమర్థించే అకౌంటింగ్ సూత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. 2002 జూన్ 25న కంపెనీ విషయం బయటపెట్టింది. నెల తిరక్కుండానే జూలై 21న దివాలా పిటిషన్ వేసింది.