కీ కింద 4 మిల్లీమీటర్లు

మెకానికల్ కీబోర్డు కొనబోయేవాళ్లకు మొదట ఎదురయ్యేవి రంగులు. ఎరుపు, గోధుమ, నీలం. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ తన ఎంఎక్స్ స్విచ్‌లకు పెట్టుకున్న గుర్తులివి. తర్వాత వచ్చిన గేటెరాన్, కైల్, ఔటెము లాంటి కంపెనీలు చాలావరకు అదే పద్ధతి పట్టుకున్నాయి. కొన్ని మాత్రం సొంత రంగులు కలిపి, కొనేవాళ్ల అయోమయానికి తమవంతు సాయం చేశాయి.

తేడా ఎక్కడుందో తెలియాలంటే రంగు వదిలేసి, స్విచ్ విప్పి చూడాలి. లోపల ఒక స్ప్రింగు, రెండు సన్నని లోహపు రేకులు, పైకీ కిందికీ కదిలే ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. ఆ ముక్కను స్టెమ్ అంటారు, రంగు వేసేది దానికే. స్టెమ్ పక్కన చిన్న కాళ్లు రెండుంటాయి. కీ ముట్టనప్పుడు ఆ కాళ్లు ఒక రేకును వెనక్కి నెట్టి, రెండో రేకుకు తగలకుండా పట్టి ఉంచుతాయి. కీ నొక్కితే కాళ్లు కిందికి జారతాయి, రేకు ముందుకొచ్చి రెండోదాన్ని తాకుతుంది, తెర మీద అక్షరం పడుతుంది. ఇదంతా సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే జరిగిపోతుంది. కీ మొత్తం ప్రయాణం 4 మిల్లీమీటర్లు. మిగతా సగం దూరం మనం అలవాటుకొద్దీ నొక్కేదే.

వేలికి తెలిసే తేడా అంతా ఆ కాళ్ల అంచులోనే ఉంది. ఎరుపులో అంచు నున్నటి వాలు. రేకు దానిమీద ఎక్కడా ఆగకుండా జారుతుంది కాబట్టి వేలికి స్ప్రింగు ఒక్కటే తెలుస్తుంది. ఇదే లీనియర్. అక్షరం పడే చోట సుమారు 45 గ్రాముల బరువు చాలు. గోధుమరంగులో అదే అంచు మీద చిన్న గుబ్బ ఉంటుంది. రేకు ఆ గుబ్బ ఎక్కి దిగేటప్పుడు, అక్షరం పడడానికి కాస్త ముందు, బరువు 55 దాకా లేచి తగ్గుతుంది. అది టాక్టైల్. చెర్రీ గోధుమ గుబ్బ మరీ చిన్నది, అరిగిపోయిన స్పీడ్ బ్రేకర్ లాంటిది. ఉందని చెప్పాకే చాలామందికి తెలుస్తుంది.

నీలం కథ వేరు. ఇందులో స్టెమ్ రెండు ముక్కలు: నీలి ముక్క, దాని చుట్టూ వదులుగా తెల్లటి తొడుగు. గుబ్బ తొడుగు మీద ఉంటుంది. వేలు నీలి ముక్కను నొక్కుతుంటే రేకు తొడుగును కాసేపు ఆపుతుంది. ఒత్తిడి 60 దగ్గరికి చేరగానే తొడుగు జారి, ఒక్కసారిగా కిందికి కొట్టుకుంటుంది. ‘టక్’ మనేది ఆ ప్లాస్టిక్కే, కరెంటుకు దానితో సంబంధం లేదు. అయితే ఈ ఏర్పాటుకో ఇబ్బంది ఉంది. తొడుగు మళ్లీ పైకెక్కాలంటే కీ అక్షరం పడిన చోటు దాటి ఇంకా పైకి రావాలి. ఒకే కీని టకటకా కొట్టే ఆటల్లో కొన్ని నొక్కులు పోవడానికి కారణం ఇదే. ఎరుపులో కీ కొద్దిగా లేస్తే చాలు, మళ్లీ నొక్కవచ్చు.

ఎరుపు నిశ్శబ్దమని మాత్రం అనుకోవద్దు. దానికి టక్ లేదు, అంతే. కీ అడుగుకు తగిలే చప్పుడు మూడింటికీ ఉంది, గట్టిగా కొట్టేవాళ్లకు మరీ ఎక్కువ. ఇంట్లో నిద్రపోయేవాళ్లుంటే ‘సైలెంట్’ అని విడిగా అమ్మే లీనియర్లు చూడాలి. వాటి స్టెమ్‌కు మెత్తటి రబ్బరు ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పగలు ఆఫీసులో, రాత్రి ఇంట్లో తెలుగులో టైపు చేసే మనిషి ఉన్నారు. వాడేది ఇన్‌స్క్రిప్ట్. అందులో ‘క’ మామూలుగా వస్తుంది, ‘ఖ’ కావాలంటే అదే కీని షిఫ్ట్‌తో నొక్కాలి. ఇలాంటి ఒత్తక్షరాలన్నిటికీ, పదం మొదట్లో వచ్చే అచ్చులకూ షిఫ్టే. ఆ భారమంతా చిటికెన వేలిది. కాబట్టి 60, 65 గ్రాముల బరువైన స్విచ్‌లు ఈ మనిషికి పనికిరావు. నీలం చుట్టుపక్కలవాళ్లకు పనికిరాదు. మిగిలినవి ఎరుపు, గోధుమ. వేలు ఊరికే ఆనించినా అక్షరాలు పడిపోయే అలవాటుంటే గోధుమ తీసుకోవాలి, ఆ చిన్న గుబ్బ కాస్త అడ్డుపడుతుంది. చేయి తేలికైతే ఎరుపు.

దుకాణంలో స్విచ్ టెస్టరు దొరికితే చూపుడు వేలితో కాదు, చిటికెన వేలితో నొక్కి చూడండి. చూపుడు వేలికి అన్నీ బాగానే ఉంటాయి. అప్పటికీ తేలకపోతే సోల్డరింగ్ లేకుండా స్విచ్‌లు మార్చుకునే హాట్‌స్వాప్ కీబోర్డు కొనుక్కుని, కొన్ని స్విచ్‌లు విడిగా తెప్పించుకోవచ్చు. పెట్టేటప్పుడు నిటారుగా దించాలి. కొత్త స్విచ్ పెట్టాక అక్షరం పడకపోతే అది పాడైందని తిప్పి పంపకండి. బయటికి లాగి అడుగు చూడండి, రెండు లోహపు కాళ్లలో ఒకటి మడతపడి ఉంటుంది చాలాసార్లు. పట్టకారుతో సరిచేసి మళ్లీ పెడితే పనిచేస్తుంది.