అమరావతి బాండుకు కాపలాదారు ఉన్నాడు.. మరి రైతుకు?

2018 ఆగస్టు 27. ముంబయిలో బాంబే స్టాక్ ఎక్స్ఛేంజీలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గంట మోగించారు. అమరావతి బాండ్లు లిస్టయిన రోజది. రాజధాని కట్టే సీఆర్డీఏ ఈ బాండ్లతో 2,000 కోట్లు అప్పు తెచ్చుకుంది. వడ్డీ 10.32 శాతం, మూడు నెలలకోసారి చెల్లించాలి.

ఆ గంట మోగేనాటికే తుళ్లూరు, మందడం, వెలగపూడి లాంటి గుంటూరు జిల్లా ఊళ్లలో రైతులు ల్యాండ్ పూలింగులో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చేశారు. ముంబయిలో డబ్బు పెట్టినవాళ్లు, తుళ్లూరులో పొలం ఇచ్చినవాళ్లు.. ఇద్దరూ పెట్టుబడి పెట్టింది ఒకే నగరం మీద. కానీ చేతికొచ్చిన హక్కులు మాత్రం వేరు. డిబెంచర్ అంటే ఏంటి, షేరు అంటే ఏంటి, మధ్యలో ట్రస్టీ ఎందుకు అన్నది ఈ తేడాలోంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

అప్పిచ్చినవాడు, వాటా ఉన్నవాడు

డిబెంచర్ అంటే కంపెనీ రాసిచ్చే అప్పు పత్రం. మన ఊళ్లో ప్రామిసరీ నోటు రాసినట్టే, ఇంత అసలు, ఇంత వడ్డీ, ఫలానా తేదీన ఇస్తాం అని రాసుంటుంది. సీఆర్డీఏ లాంటి ప్రభుత్వ సంస్థ ఇస్తే దాన్ని బాండు అంటారు. పేరు మారినా లోపలి ఏర్పాటు దాదాపు ఒకటే.

అమరావతి బాండు ఒక్కోటి 10 లక్షలు. 10.32 శాతం లెక్కన ఏడాదికి 1,03,200 రూపాయలు. అంటే మూడు నెలలకోసారి సుమారు 25,800. రాజధాని అద్భుతంగా లేచినా ఈ అంకె పెరగదు. ఒక్క ఇటుక పడకపోయినా ఇది తగ్గడానికి వీల్లేదు. అప్పిచ్చినవాడికి లాభంలో వాటా ఉండదు, నష్టంతో సంబంధమూ ఉండదు.

ఇక రైతు సంగతి. మెట్ట పొలం ఎకరం ఇచ్చినాయనకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్ స్థలం ఇస్తామన్నారు. వీటి ధర నగరం లేస్తేనే లేస్తుంది. నగరం ఆగితే అవి కంప చెట్ల మధ్య కాగితం మీది ప్లాట్లు. సీఆర్డీఏకు షేర్లు లేవు కాబట్టి చట్టం ప్రకారం రైతు షేర్‌హోల్డర్ కాదు. కానీ ఆయన మోసే రిస్కు మాత్రం అచ్చంగా షేర్‌హోల్డర్ రిస్కే. బాగుంటే అందరికంటే ఎక్కువ వస్తుంది, చెడితే అందరికంటే ముందు పోతుంది.

ఆయనకు కౌలు రూపంలో ఇంకోటి కూడా ఉంది. మెట్టకు ఎకరాకు ఏడాదికి 30 వేలు, ఏటా 3 వేల పెంపు, పదేళ్లపాటు. జరీబు భూమికైతే 50 వేలతో మొదలు. ఇది చూడ్డానికి డిబెంచర్ వడ్డీలాగే ఉంటుంది. అయితే ఒకటి తక్కువ: దానికి ట్రస్టీ లేడు.

ట్రస్టీ చేసే పని ఏంటి?

ఒక డిబెంచర్ ఇష్యూలో వేలమంది డబ్బు పెట్టొచ్చు. వడ్డీ ఆగితే ఒంగోలులో ఒకరు, సూరత్‌లో ఒకరు విడివిడిగా కోర్టుకెళ్తే పని తెమలదు. తాకట్టు ఆస్తిని వేలమంది పేర రాయడమూ కుదరదు. అందుకే అందరి తరఫునా ఒకే సంస్థ నిలబడుతుంది. అదే డిబెంచర్ ట్రస్టీ. దానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 71 ప్రకారం పబ్లిక్‌కు గానీ, 500 మందికి మించి గానీ డిబెంచర్లు ఇవ్వాలంటే ముందే ట్రస్టీని పెట్టాల్సిందే. ఆ ట్రస్టీకి ఆ కంపెనీలో సొంత షేర్లు ఉండకూడదు, కంపెనీకి బాకీ ఉండకూడదు.

తాకట్టు ట్రస్టీ పేర ఉంటుంది. దాని విలువ అప్పుకు సరిపోతోందా, వడ్డీ, అసలు టైముకి పడుతున్నాయా అని చూస్తూ ఉండటం దాని రోజువారీ పని. తేడా వస్తే కంపెనీకి నోటీసు ఇస్తుంది, డిబెంచర్‌దారులకు చెబుతుంది, మీటింగు పెడుతుంది. డిబెంచర్ల విలువలో పదో వంతు ఉన్నవాళ్లు రాసిచ్చి అడిగినా మీటింగు పెట్టాలి. అసలు తీర్చడానికి ఆస్తులు చాలవని అనిపిస్తే, గడువు దాటేదాకా ఆగకుండానే కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అప్పుడు కంపెనీ ఇక కొత్త బాధ్యతలు నెత్తినేసుకోకుండా ట్రిబ్యునల్ కట్టడి చేయగలదు.

అమరావతి బాండ్లకు ఇంకో అంచె కూడా పెట్టారు. వడ్డీ కోసం విడిగా ఎస్క్రో ఖాతా, ఆపద కోసం రిజర్వు ఖాతా, వాటి వెనక రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ. గడువుకు ముందే ఖాతాలో డబ్బు చేరిందా లేదా అన్నది ట్రస్టీ చూడాలి. చేరకపోతే గ్యారంటీ ఇచ్చిన ప్రభుత్వాన్ని అడగాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయాక కంప్లయింట్ రాయడం కాదు, డిస్క్ నిండుతున్నప్పుడే అలర్ట్ రావడం అన్నమాట.

ఇన్ని రక్షణలు ఉన్నప్పుడు 10.32 శాతం ఎందుకివ్వాలి అని మీరు అడగొచ్చు. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ కార్పొరేషన్ 8.9 శాతానికే బాండ్లు అమ్మింది. తేడా రేటింగులో ఉంది. హైదరాబాద్‌ది డబుల్ ఏ, అమరావతిది ఏ ప్లస్. ఇంటి పన్ను వసూలయ్యే నగరం ఒకటి, ఇంకా కట్టాల్సిన నగరం ఇంకొకటి. ఎక్కువ వడ్డీ ఎవరూ ఊరికే ఇవ్వరు, రిస్కుకే ఇస్తారు.

నగరం ఆగినప్పుడు

ఆ రిస్కు తొందరగానే ఎదురైంది. 2019లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2020 జులై 31న వచ్చిన చట్టంతో సీఆర్డీఏ రద్దయింది. పనులు ఆగాయి, ప్లాట్ల ధరలు పడిపోయాయి. రేటింగు సంస్థలు బాండ్ల రేటింగునూ తగ్గించాయి.

కానీ బాండు పత్రంలో ఒక్క అంకె కూడా మారలేదు. సీఆర్డీఏ రద్దయినా దాని బాకీలు తర్వాతి సంస్థకు వెళ్లాయి. ఏడాదికి 206 కోట్ల వడ్డీ బాధ్యత అలాగే ఉంది, ప్రభుత్వ గ్యారంటీ అలాగే ఉంది, అడగడానికి ట్రస్టీ ఉన్నాడు. బాండు కొన్నవాళ్లెవరూ రోడ్డెక్కాల్సిన అవసరం రాలేదు.

రైతులు రోడ్డెక్కారు. 2020లో కౌలు డబ్బు ఆలస్యమైతే దానికోసం ఆందోళన చేశారు. 2021 నవంబరు 1న తుళ్లూరు నుంచి తిరుపతికి పాదయాత్రగా బయల్దేరి గుంటూరు, ప్రకాశం జిల్లాల మీదుగా నడిచారు. హైకోర్టులో కేసులు వేశారు. ఆరు నెలల్లో రాజధానిని, మూడు నెలల్లో రైతుల ప్లాట్లను సిద్ధం చేయాలని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పిచ్చింది. ఆ గడువుల మీద అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఇక్కడ రాజకీయంగా ఎవరు రైటు అన్నది మన విషయం కాదు. బాండుదారు తరఫున అడిగే బాధ్యత ముందే ఒక పత్రంలో రాసి ఒకరికి అప్పగించారు. రైతు తరఫున అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి ఆయనే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది, లాయర్ని పెట్టుకోవాల్సి వచ్చింది, నడవాల్సి వచ్చింది. తర్వాత 2024లో మళ్లీ ప్రభుత్వం మారి పనులు మొదలయ్యాక ప్లాట్ల ధరలూ కదిలాయి. ఆ పెరుగుదలలో బాండుదారుకు రూపాయి కూడా రాదు. ఆయన 10.32 దగ్గరే ఆగిపోతాడు.

కంపెనీ అయితే ఎలా ఉంటుంది?

ఇప్పుడు అసలైన షేర్లున్న కంపెనీని ఊహిద్దాం. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ అనుకోండి. తాకట్టుతో 30 కోట్లు, తాకట్టు లేకుండా 16 కోట్లు డిబెంచర్లు అమ్మింది. షేర్‌హోల్డర్ల పెట్టుబడి 20 కోట్లు. వడ్డీ అందరికీ 10 శాతం.

మిర్చికి మంచి ధర ఉన్న ఏడాది వడ్డీకి 4.6 కోట్లు పోగా మిగిలిన లాభమంతా షేర్‌హోల్డర్లదే. డివిడెండ్ ఎంతో వాళ్ల మీటింగులో తేలుతుంది, వాళ్లకు ఓటుంది. డిబెంచర్‌కు ఓటు హక్కు ఉండకూడదని చట్టమే చెబుతోంది. నష్టం వచ్చిన ఏడాది డివిడెండ్ లేదంటే షేర్‌హోల్డర్ అడగలేడు. కానీ వడ్డీ బాకీ మాత్రం బాకీయే.

ఒక ఏడాది కంపెనీ మునిగి, ఆస్తులు అమ్మితే 40 కోట్లు వచ్చాయి అనుకుందాం. దివాలా ప్రక్రియ ఖర్చు 2 కోట్లు ముందు పోతుంది. పనివాళ్ల జీతాల బాకీ, బ్యాంకు లోను లేవనుకుంటే, తాకట్టున్న డిబెంచర్లకు 30 కోట్లూ పూర్తిగా వస్తాయి. మిగిలిన 8 కోట్లు తాకట్టు లేనివాళ్లకు, అంటే రూపాయికి అర్ధ రూపాయి. షేర్‌హోల్డర్లకు సున్నా.

ఇది ఊహ మాత్రమే కాదు. డీహెచ్ఎఫ్ఎల్ మునిగి 2021లో పిరమల్ చేతికి వెళ్లినప్పుడు షేర్ల విలువను సున్నా చేసి ఎక్స్ఛేంజీల నుంచి తీసేశారు. అప్పిచ్చినవాళ్లకు కూడా మొత్తం మీద సగం కంటే తక్కువే వచ్చింది. వరసలో ముందుండటం వేరు, డబ్బంతా రావడం వేరు.

ట్రస్టీ ఉన్నాడు కదా అని..

ట్రస్టీ కాపలాదారే తప్ప జామీనుదారు కాదు. కంపెనీ దగ్గర డబ్బు లేకపోతే ట్రస్టీ తన జేబులోంచి ఇవ్వడు. పైగా అతనికి ఫీజు ఇచ్చేది అప్పు తీసుకున్న కంపెనీయే. పెద్ద నిర్ణయాలు డిబెంచర్‌దారుల మెజారిటీని బట్టి జరుగుతాయి, అది డబ్బు విలువను బట్టి లెక్కేసే మెజారిటీ. 10 వేలు పెట్టిన మీ మాట కంటే 100 కోట్లు పెట్టిన ఫండు మాట బరువు.

10 వేలు అని ఎందుకన్నామంటే, ప్రైవేటు ప్లేస్‌మెంట్ బాండ్ల ముఖ విలువను 10 వేల దాకా తగ్గించుకునే వీలు 2024లో సెబీ ఇచ్చింది. ఒకప్పుడు 10 లక్షలుండేది. అందుకే ఇప్పుడు ఫోన్ యాపుల్లో 11 శాతం, 12 శాతం అని బాండ్లు కనిపిస్తున్నాయి. వడ్డీ అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అసలు చూడాల్సినవి కింద ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్‌లో ఉంటాయి: సెక్యూర్డా అన్‌సెక్యూర్డా, తాకట్టు ఏంటి, అప్పుకు అది ఎన్ని రెట్లుంది, రేటింగు ఈ మధ్య తగ్గిందా, ట్రస్టీ ఎవరు. కొన్నాక ట్రస్టీ వెబ్‌సైటులో మీ ఇష్యూ పేరు వెతికి, మూడు నెలల రిపోర్టులు వస్తున్నాయో లేదో చూడండి. ట్రస్టీ నుంచి మీటింగు మెయిల్ వస్తే స్పామ్ అనుకుని తీసేయకండి. డిబెంచర్‌దారుగా కంపెనీ మీటింగులో మీకు ఓటు లేదు, మీకున్న ఓటు అందులోనే.