గడువు దాటినా నగ మీదే – వేలం పాట ముగిసేదాకా

బ్యాంకు ఉద్యోగి ఉన్న ఇంటికి చుట్టాలు, ఇరుగుపొరుగు తెచ్చే కాగితాల్లో బంగారు రుణం నోటీసు ఒకటి. ఆ కాగితం చూడగానే చాలామంది నగ మీద ఆశ వదిలేసుకుంటారు. కొందరైతే ఇలాంటివి వస్తూనే ఉంటాయని పక్కన పడేస్తారు. రెండూ నష్టమే. బంగారు రుణాల పని కొన్నేళ్లు చూసినదాన్ని కనుక, గడువు దాటిన రోజు నుంచి వేలం రోజు వరకు అప్పు తీసుకున్నవారికి ఏ హక్కులు ఉంటాయో మన కుటుంబాల కోసం వివరిస్తాను.

గడువు దాటితే నగ అప్పిచ్చినవారిది అయిపోదు

తాకట్టుకు ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులోని 176వ సెక్షను ప్రకారం అప్పు తీరకపోతే తాకట్టు పెట్టుకున్నవారు నగను అమ్మవచ్చు. అయితే అమ్మబోతున్నామని సహేతుకమైన నోటీసు ముందుగా ఇవ్వాలి. అమ్మగా వచ్చిన సొమ్ము బాకీకి మించితే ఆ మిగులును తిరిగి ఇచ్చేయాలి. 177వ సెక్షను ఇంకా ముఖ్యం. గడువు దాటిన తర్వాత కూడా, నగ నిజంగా అమ్ముడయ్యేలోపు ఎప్పుడైనా బాకీ, ఆలస్యం వల్ల అయిన ఖర్చులు చెల్లించి దాన్ని విడిపించుకోవచ్చు. తాకట్టు పెట్టుకున్నవారు ఆ వస్తువును తమకు తామే అమ్ముకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో స్పష్టం చేసింది.

ఇక్కడ రెండు రకాల నోటీసులను వేరుగా చూడాలి. ‘బకాయి ఇంత ఉంది, చెల్లించండి’ అనేది డిమాండు నోటీసు. ‘చెల్లించకపోతే మీ నగలు వేలం వేస్తాం’ అని ఉద్దేశం చెప్పేది అమ్మకం నోటీసు. చట్టం అడిగేది ఈ రెండోది. కాబట్టి కాగితం చేతికి రాగానే అది ఏ రకమో, తేదీ ఏమిటో, ఎంత గడువు ఇచ్చారో చూడండి. వచ్చిన కవరు కూడా దాచండి. నోటీసు ఏ రోజు పంపారో దాని మీది తపాలా ముద్ర చెబుతుంది.

రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు

బంగారం, వెండి తాకట్టు రుణాల మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్ 6న కొత్త ఆదేశాలు ఇచ్చింది. బ్యాంకులు, సహకార బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు 2026 ఏప్రిల్ 1లోపు వీటిని అమలు చేయాలని చెప్పింది. సంస్థ ఈ ఆదేశాలను అమలులోకి తేకముందు మంజూరైన అప్పులకు పాత నిబంధనలే వర్తిస్తాయి. వీధి చివర తాకట్టు కొట్టుకు ఈ ఆదేశాలు వర్తించవు.

వీటి ప్రకారం వేలానికి ముందు అప్పుదారుకు, ఆయన లేకపోతే వారసులకు, అందుబాటులో ఉన్న మార్గాలన్నిటిలో తగిన సమయం ఇస్తూ తెలియజేయాలి. ఎంత వెతికినా వాళ్లు దొరక్కపోతే బహిరంగ ప్రకటన ఇచ్చి, ఒక నెల గడిచాకే వేలానికి వెళ్లాలి. వేలం సంగతిని కనీసం రెండు పత్రికల్లో వేయాలి. ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక, మరొకటి జాతీయ దినపత్రిక కావాలి. అప్పిచ్చిన సంస్థ గానీ, దాని సంబంధీకులు గానీ పాటలో పాల్గొనకూడదు.

ధర విషయంలోనూ రక్షణ ఉంది. నగల ప్రస్తుత విలువలో 90 శాతానికి తగ్గకుండా రిజర్వు ధర ప్రకటించాలి. రెండుసార్లు వేలం జరిగినా అమ్ముడు కాకపోతేనే దాన్ని 85 శాతం వరకు దించవచ్చు.

ఒక లెక్క

మా వీధిలో మిషను కుట్టే ఒకామె ఇలాంటి నోటీసుతోనే మా ఇంటికి వచ్చింది. ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థలో గొలుసు, గాజులు పెట్టి పన్నెండు నెలల గడువు మీద అప్పు తీసుకుంది. గడువు దాటి నాలుగు నెలలైంది. “గడువు దాటిపోయిందిగా మేడమ్, ఇంక నగలు వాళ్లవేగా?” అంది. కాదని చెప్పి ఇద్దరం లెక్క వేశాం. సులువుగా అర్థం కావడానికి ఇక్కడ అంకెలు సర్ది రాస్తున్నాను.

రాళ్లు, లక్క తీసేయగా నగల నికర బరువు 30 గ్రాములు. గ్రాము రూ.10,000 అనుకుంటే విలువ రూ.3,00,000. వడ్డీతో కలిపి బాకీ రూ.2,30,000. వేలం వేస్తే రిజర్వు ధర కనీసం రూ.2,70,000 ఉండాలి. పాట రూ.2,76,000కు ముగిసిందనుకుంటే, బాకీ పోగా ఆమెకు రావలసింది రూ.46,000. వేలం ఖర్చులు పడితే ఇంకొంచెం తగ్గుతుంది. అదే రూ.2,30,000, నోటీసు ఖర్చులు కట్టి విడిపిస్తే రూ.3,00,000 విలువైన నగలు చేతికొస్తాయి. అంటే వేలానికి వదిలేస్తే కనీసం రూ.24,000 పోతుంది. అవే నగలు మళ్లీ చేయించుకోవాలంటే తరుగు, మజూరీ అదనం.

వడ్డీ మాత్రం కట్టి అప్పును తిరగరాయించుకుందామని ఆమె అనుకుంది. ఆ దారి అప్పటికే మూసుకుపోయింది. అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే రుణాన్ని పునరుద్ధరించాలంటే అప్పటిదాకా అయిన వడ్డీ కట్టాలి, ఖాతా మొండిబాకీ కాకుండా ఉండాలి. సాధారణంగా బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. అందుకే గడువు దాటిన మొదటి మూడు నెలలు విలువైనవి. చివరికి ఆమె తమ్ముడు డబ్బు సర్దాడు. వేలం తేదీకి నాలుగు రోజుల ముందు, బాకీ ఎంతో ఖర్చులు ఎంతో విడివిడిగా రాయించుకుని, కట్టి నగలు తెచ్చుకుంది.

ఎక్కడ తేడా వస్తుంది

ఎక్కువగా దెబ్బతీసేది పాత చిరునామా. ఇల్లు మారాక, ఫోను నంబరు మార్చాక సంస్థకు చెప్పకపోతే నోటీసు తిరుగు టపాలో వెళ్లిపోతుంది. తర్వాత పత్రికలో పడే ప్రకటన ఎవరి కంటా పడదు. చిరునామా మారితే లిఖితపూర్వకంగా తెలిపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అప్పు తీసుకున్నవారు చనిపోతే వారసులు వెంటనే శాఖకు వెళ్లి తమ వివరాలు ఇవ్వాలి.

రెండోది బరువు. అప్పు ఇచ్చేటప్పుడు నగను మన ఎదుటే పరీక్షించి, స్వచ్ఛత, మొత్తం బరువు, తీసివేతలు, నికర బరువు రాసిన పత్రం ఇవ్వాలి. రేపు వేలం లెక్క సరిచూడాలన్నా ఆ పత్రమే ఆధారం. దాన్ని నగల పెట్టెలో కాక, వేరుగా భద్రపరచండి.

వేలం జరిగిపోతే కూడా కథ ముగియదు. ఎంతకు పోయింది, ఎంత జమ చేసుకున్నారు అనే పూర్తి లెక్క అడగవచ్చు. వేలం సొమ్ము పూర్తిగా అందిన నాటి నుంచి ఏడు పనిదినాల్లో మిగులు మీకు ఇవ్వాలి. తక్కువ పడితే, ఒప్పందంలో ఆ షరతు ఉంటే, మిగతాది మీ నుంచి వసూలు చేయవచ్చు.

నోటీసు రాలేదనో, లెక్క ఇవ్వలేదనో ఫిర్యాదు ఉంటే మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాసి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా cms.rbi.org.in ద్వారా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే అమ్ముడైన నగను వెనక్కి తేవడం కష్టం. చాలాసార్లు దక్కేది డబ్బు రూపంలో పరిహారమే. అందుకే మీ దగ్గరకు ఎవరైనా ఈ కాగితంతో వస్తే, ముందుగా వేలం తేదీ చూసి, ఆ రోజే శాఖకు వెళ్లి బాకీ వివరాలు రాయించుకోమని చెప్పండి.