బడిగది శ్లాబు నుంచి బడ్జెట్ దాకా

నిర్మాణ బడ్జెట్ అంటే మొదట కొలతల పట్టిక, ఆ తర్వాతే రూపాయల పట్టిక. ఎంత పని, ఏ రేటుకు, ఎప్పుడు, డబ్బు చేతికందేది ఎప్పుడు అనే నాలుగు ప్రశ్నలకు అందులో విడివిడిగా జవాబుండాలి. చదరపు అడుగుకు ఇంత అని ఒక్క అంకె వేసి గుణించే పద్ధతి ఇల్లు కట్టుకునేవారికి తొలి అంచనాగా పనికొస్తుంది. కానీ ఖర్చు పెరిగినప్పుడు ఎక్కడ పెరిగిందో ఆ అంకె చెప్పలేదు. అందుకే ప్రభుత్వ పనులకు అంశాలవారీ ఎస్టిమేట్ వేస్తారు.

రెండేళ్లలో పూర్తి కావలసిన ఒక బడి భవనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అందులో రెండు గదులపై పడే శ్లాబు ఒకటి చూస్తే చాలు, మిగతా అంశాల లెక్కా అదే దారిలో నడుస్తుంది. శ్లాబు పొడవు 12 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, మందం 12.5 సెంటీమీటర్లు. గుణిస్తే 9 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. లెక్క తేలికగానే ఉన్నా పొరపాట్లు దొర్లేది ఇక్కడే. గది లోపలి కొలత తీసుకుంటే గోడల మీద ఆనే భాగం తప్పిపోతుంది. శ్లాబు కింది బీమును పూర్తి లోతుతో కొలిస్తే శ్లాబు మందం రెండుసార్లు లెక్కకొస్తుంది. బీము మొత్తం లోతు 45 సెంటీమీటర్లయితే, శ్లాబు పోను 32.5 సెంటీమీటర్లే బీము కింద రాయాలి. ఇనుమును కాంక్రీటులో కలపరు. చువ్వల పట్టికలో ఒక్కో సైజు పొడవు కట్టి, కిలోల్లోకి మార్చి విడిగా చూపుతారు. సెంట్రింగు చదరపు మీటర్లలో మరో అంశం.

కొలతలు తేలాక రేటు. రేటు విశ్లేషణ అంటే ఒక యూనిట్ పనిని విప్పి, దానిలోకి ఏమేం వెళ్తాయో చూడటం. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపే ఎం20 కాంక్రీటును చూద్దాం. ఇసుక కంకర సందుల్లోకి, సిమెంటు ఇసుక సందుల్లోకి దిగిపోతాయి కాబట్టి ఒక క్యూబిక్ మీటరు తడి కాంక్రీటుకు సుమారు 1.54 క్యూబిక్ మీటర్ల పొడి సరుకు కావాలి. పాళ్ల ప్రకారం పంచితే 8 బస్తాల సిమెంటు, 0.42 క్యూబిక్ మీటర్ల ఇసుక, 0.84 క్యూబిక్ మీటర్ల కంకర వస్తాయి. లెక్క కోసం పని చోటికి చేరిన ధరలను బస్తా 380 రూపాయలు, ఇసుక క్యూబిక్ మీటరు 1,500, కంకర 1,400 అనుకుందాం. సిమెంటుకు 3,040, ఇసుకకు 630, కంకరకు 1,176 కలిపి సరుకు ఖర్చు 4,846 రూపాయలు. మేస్త్రీలు, కూలీలకు 1,100, మిల్లరు, వైబ్రేటరు, నీళ్లు, ఇంధనానికి 254 వేస్తే 6,200. దానిపై కాంట్రాక్టరు నిర్వహణ ఖర్చులు, లాభం కలిపి 15 శాతం చేరిస్తే 7,130 రూపాయలు. 9 క్యూబిక్ మీటర్ల శ్లాబు కాంక్రీటు విలువ 64,170 రూపాయలు.

ప్రభుత్వ ఇంజినీర్లు ఈ ధరలను ఊహించి వేయరు. కూలి, సరుకు, యంత్రాల రేట్లు ఎస్ఎస్ఆర్‌లో ఉంటాయి. ఇసుక, కంకర రేవు నుంచీ క్వారీ నుంచీ ఎన్ని కిలోమీటర్లు రావాలో చూసి లీడ్ చార్జీలు, వాటిపై సీనరేజి కలుపుతారు. ఒకే జిల్లాలో రెండు ఊళ్లలో ఒకే బడి కట్టినా ఎస్టిమేట్ వేరుగా వచ్చేది ఎక్కువగా ఈ లీడ్ వల్లే. క్వారీ పక్కనే ఉండగా దూరపు క్వారీ లీడ్ వేసిన ఎస్టిమేట్లూ కనిపిస్తాయి. తనిఖీకి వెళ్లినవారు ముందుగా లీడ్ చార్టు అడగడం అందుకే.

విశ్లేషణ విప్పి ఉంచితే ఏ ధర కదిలితే ఎంత నష్టమో వెంటనే తెలుస్తుంది. ఇసుక క్యూబిక్ మీటరుకు 400 రూపాయలు పెరిగితే కాంక్రీటు రేటు 193 రూపాయలే పెరుగుతుంది. సిమెంటు బస్తాకు 50 రూపాయలు పెరిగితే 460 రూపాయలు పెరుగుతుంది.

దీనికి ఇంకో ఉపయోగం టెండరు తెరిచినప్పుడు కనిపిస్తుంది. ఎస్టిమేట్ మీద 25 శాతం లెస్‌కు ఒకరు కోట్ చేశారనుకుంటే, అతనికి క్యూబిక్ మీటరుకు దక్కేది 5,347 రూపాయలు. సరుకుకే 4,846 పోతే మిగిలేది దాదాపు 500. కూలికీ యంత్రాలకూ కావలసింది 1,354. మిగతా మొత్తం అతనికి సరుకు చౌకగా దొరకడం వల్ల రావాలి, లేదా 8 బస్తాలు పడాల్సిన చోట ఆరో ఆరున్నరో పడాలి. తక్కువ టెండరు చూసి ఖజానాకు ఆదా అనుకునే ముందు ఈ తీసివేత చేసి చూడటం మంచిది.

ఇలా అన్ని అంశాలూ కూడితే మన బడి భవనం విలువ నేటి ధరల్లో 2 కోట్ల రూపాయలు అయిందనుకుందాం. ఇక ధరల పెరుగుదల. ఏడాదికి 6 శాతం, పని రెండేళ్లు, కాబట్టి 12 శాతం, అంటే 24 లక్షలు కేటాయించాలన్నది తొందరపాటు లెక్క. 2 కోట్లూ చివరి రోజునే ఖర్చు కావు. మొదటి ఆర్నెల్లలో 40 లక్షలు, తర్వాతి రెండు అర్ధ సంవత్సరాల్లో 60 లక్షల చొప్పున, చివరి ఆర్నెల్లలో 40 లక్షలు అయ్యేలా పని సాగితే, ఒక్కో విడత ఖర్చును ఆ విడత నడిమి నెలలో అయినట్టు చూడాలి. అప్పుడు పెరుగుదల వరుసగా 3, 9, 15, 21 నెలలకు వర్తిస్తుంది. శాతాల్లో 1.5, 4.5, 7.5, 10.5. రూపాయల్లో 60 వేలు, 2.7 లక్షలు, 4.5 లక్షలు, 4.2 లక్షలు. మొత్తం 12 లక్షలు, తొందరపాటు లెక్కలో సరిగ్గా సగం.

కానీ ఎస్టిమేట్ వేసిన తేదీకీ పని మొదలైన తేదీకీ మధ్య ఏడాది గడిస్తే మొత్తం 2 కోట్ల మీదా ఇంకో 6 శాతం పడుతుంది. అది మరో 12 లక్షలు. ఒక్క ఇటుక పెట్టకుండానే, ఫైలు కదలకపోవడం వల్ల వచ్చిన ఖర్చు అది. పెద్ద ప్రాజెక్టుల అంచనా పక్కన ‘ఫలానా సంవత్సరపు ధరల్లో’ అని రాసేది ఇందుకే. పోలవరం అంచనా 2010-11 ధరల్లో 16,010.45 కోట్ల రూపాయలు, 2017-18 ధరల్లో సాంకేతిక సలహా కమిటీ ఆమోదించినది 55,548.87 కోట్లు. ఆ తేడాను సిమెంటు, ఇనుము ధరలకు అంటగట్టడం తప్పు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పెరిగిన పరిహారం, పునరావాసమే అందులో పెద్ద వాటా. ధరల పద్దు ధరలకే ఉండాలి. భూమి, మారిన డిజైను, పెరిగిన పరిమాణం వేటికవి వేరుగా చూపకపోతే బడ్జెట్ ఎందుకు పెరిగిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

బడ్జెట్‌లో పెట్టుకున్న ఈ 12 లక్షలు యజమాని ముందుజాగ్రత్త. కాంట్రాక్టరుకు ఎంత ఇవ్వాలన్నది ఒప్పందంలోని ధర సవరణ నిబంధన తేలుస్తుంది. అది కాంట్రాక్టరు తెచ్చిన బిల్లులను చూడదు, ప్రభుత్వం ప్రకటించే ధరల సూచీలను చూస్తుంది. సరుకులకు టోకు ధరల సూచీ వాడటం పరిపాటి. కూలికి కొన్ని ఒప్పందాల్లో పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ, కొన్నింట్లో కనీస వేతనాలు ఆధారం. సూత్రం ఇలా ఉంటుంది:

V = W × (P/100) × (I − I0)/I0

W ఆ విడత చేసిన పని విలువ, P అందులో ఆ సరుకు శాతం, I0 టెండరు నాటి సూచీ, I ఇప్పటి సూచీ. పని విలువ 40 లక్షలు, సిమెంటు వాటా 15 శాతం, సూచీ 125 నుంచి 135కు చేరిందనుకుంటే పెరుగుదల 8 శాతం. 6 లక్షలపై 8 శాతం, 48 వేల రూపాయలు అదనంగా చెల్లిస్తారు. సూచీ దిగితే అదే సూత్రం ప్రకారం కోత పడుతుంది. దేశం మొత్తానికి లెక్కించిన సూచీ కాబట్టి స్థానికంగా ఇసుక కరువొచ్చి ధర రెట్టింపైనా అది పూర్తిగా కనిపించదు. ఈ నిబంధన లేని స్థిర ధర ఒప్పందంలో కాంట్రాక్టరు పెరుగుదలను తన రేట్లలోనే కలుపుకుంటాడు. అలాంటప్పుడు యజమాని మళ్లీ 12 లక్షలు విడిగా పెడితే ఒకే భయానికి రెండుసార్లు డబ్బు కేటాయించినట్టు.

2 కోట్లకు 12 లక్షలు కలిపి, ఆ మొత్తంపై 18 శాతం జీఎస్టీ 38.16 లక్షలు, ఊహించని పనులకు 6 లక్షలు వేస్తే బడ్జెట్ 2,56,16,000 రూపాయలు. ఈ కూడికలో రిటెన్షన్ సొమ్ముకు చోటు లేదు, ఎందుకంటే అది అదనపు ఖర్చు కాదు. కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన దానిలోంచే కొంత ఆపి ఉంచే సొమ్ము.

ఎం-బుక్‌లో కొలతలు నమోదై రన్నింగ్ బిల్లు తయారైన ప్రతిసారీ ఒప్పందంలో ఉన్న శాతం కోస్తారు. అది 5 శాతమైతే 40 లక్షల బిల్లులో 2 లక్షలు ఆగి, పన్నుల కోతలు కాకుండా 38 లక్షలు చేతికొస్తాయి. సాధారణంగా పని పూర్తయ్యాక సగం, లోపాల బాధ్యత కాలం ముగిశాక మిగతా సగం విడుదల చేస్తారు. ఇదే పనికి తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఒప్పందాల్లో ఎఫ్ఎస్‌డీ అనే మాట వినిపిస్తుంది.

కాంట్రాక్టరు వైపు నుంచి చూస్తే ఈ కోత చిన్నది కాదు. 40 లక్షల బిల్లులో అతని 15 శాతం విలువ దాదాపు 5.2 లక్షలు. అందులో సగం నిర్వహణకు పోతే లాభం 2.6 లక్షలు. ఆగింది 2 లక్షలు. అంటే పని నడిచినంత కాలం లాభంలో మూడొంతులకు పైగా యజమాని దగ్గరే ఉంటుంది. ఆ లోటును అప్పుతో పూడ్చుకునేవారు దాని వడ్డీని టెండరు రేటులో ముందే కలుపుతారు. ఒప్పందం ఒప్పుకుంటే నగదు బదులు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఆగిన సొమ్ము విడిపించుకుంటారు.

యజమాని చేసే పొరపాటు మరో రకం. చెల్లించిన మొత్తమే ఖర్చని పుస్తకంలో రాసుకుని, బడ్జెట్‌లో మిగులు కనిపించగానే ప్రహరీకో రంగులకో మళ్లిస్తారు. మన ఉదాహరణలో చివరికి 10.6 లక్షలు అలా మిగులులా కనిపిస్తాయి. కానీ అది బాకీ. విడుదల తేదీ వచ్చేనాటికి నిధి లేక బిల్లు ఆగిపోతే, కాంట్రాక్టరును మరమ్మతుకు పిలిచే ధైర్యం కూడా యజమానికి ఉండదు.

బాధ్యత కాలంలో కనీసం ఒక పూర్తి వానాకాలం పడాలి. డిసెంబరులో అప్పగించిన భవనానికి ఆరు నెలల గడువే పెడితే శ్లాబు కారుతుందో లేదో తెలిసేలోపే సొమ్ము వెళ్లిపోతుంది. రిటెన్షన్‌కు హద్దూ ఉంది. కారే చోట సిమెంటు పూత, బీటలు, వంకర తలుపులు బాగుచేయడానికి మిగిలిన 5.3 లక్షలు సరిపోవచ్చు. సిమెంటు తగ్గించి వేసిన శ్లాబును పడగొట్టి మళ్లీ వేయాల్సి వస్తే, సెంట్రింగు, ఇనుము, కూల్చివేత, ఆగిన తరగతుల ఖర్చు ముందు అది చాలదు. ఆ రక్షణ కాంక్రీటు పోసిన రోజున తీసిన క్యూబుల పరీక్షలోనే ఉంది. ఎం20 క్యూబులను 28వ రోజున పరీక్షిస్తారు, ఆ ఫలితం వచ్చేదాకా శ్లాబు బిల్లు పూర్తిగా ఇవ్వకపోవడం అయిదు శాతం కోత కంటే గట్టి భద్రత.