మొలవని గింజల్లో బతికున్నవెన్ని?

వరి నాట్లకు ముందు పచ్చిరొట్ట కోసం జీలుగ చల్లే రైతుల ఇళ్లలో కిందటేడు మిగిలిన విత్తనం ఏ మూలో ఉండటం మామూలే. పాతది కదా అని కొందరు పారబోస్తారు. ఏదైతే అదవుతుందని కొందరు చల్లేస్తారు. ఈ రెండింటికీ ముందు వారం రోజుల మొలక పరీక్ష ఒకటి చేసి చూడాలి. అందులో మొలిచిన గింజల్నే కాదు, మొలవని వాటినీ విడదీసి లెక్కపెట్టాలి. చాలామంది వదిలేసేది సరిగ్గా ఆ లెక్కనే.

బస్తా పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తలా గుప్పెడు తీసి కలపండి. అందులోంచి ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టండి. బాగున్నవి ఏరితే పరీక్షకు అర్థం లేదు. తడిపి పిండిన గోనెపట్టా మీద గింజకూ గింజకూ తగలకుండా పరిచి, చాపలా చుట్టి నీడలో ఉంచండి. పట్టా ఆరకూడదు, నీళ్లు కారకూడదు. తడి ఎక్కువైతే మంచి గింజ కూడా కుళ్లిపోతుంది. వీలైతే ఇలాంటివి నాలుగు చుట్టలు పెట్టి సగటు తీయడం మేలు.

ఏడో రోజు విప్పితే ఇలా కనబడిందనుకుందాం: నిటారు వేరుతో 58 మంచి మొలకలు, వేరు లేనివో మెలిపడినవో 8, ఉబ్బి కుళ్లినవి 14, వేసినవి వేసినట్టే ఉన్నవి 20. కుళ్లిన గింజను గోటితో నొక్కితే మెత్తగా చితికి వాసన వేస్తుంది. అది చచ్చిన గింజ. చివరి 20 మాత్రం రాయిలా ఉంటాయి, వారం తడిలో ఉన్నా ఉబ్బనే లేదు. వీటిని చచ్చిన వాటిలో కలిపేయకూడదు. జీలుగ, పెసర లాంటి చిక్కుడు జాతి గింజల పైపొరలో కణాలు దట్టంగా పేర్చినట్టుంటాయి. గింజ బాగా ఎండితే ఆ పొర నీటిని లోపలికి పోనివ్వదు. నీరందక లోపలి మొలక నిద్రపోతూ ఉంటుంది. చైనాలో ఎండిన చెరువు అడుగున దొరికిన తామర గింజ సుమారు 1,300 ఏళ్ల తర్వాత మొలిచిందంటే, ఇలాంటి గట్టి పెంకు చలవే.

ఆ 20 గింజలకూ, తొడిమ మచ్చకు ఎదురు వైపున గోళ్ల కత్తెరతో చిన్న గాటు పెట్టి మళ్లీ తడిపట్టాలో వేయండి. మచ్చ పక్కన మొలక ఉంటుంది, అటు కోయకూడదు. రెండు మూడు రోజుల్లో 17 మొలిచాయనుకుంటే, బస్తాలో పనికొచ్చే విత్తనం 58 శాతం కాదు, 75. ఎకరానికి 12 కిలోలు అన్న మోతాదు 80 శాతం మొలిచే విత్తనానికి అనుకుంటే, గట్టి గింజలను అలాగే వదిలేసినప్పుడు 16.5 కిలోలు పడుతుంది. వాటిని మేలుకొలిపితే 13 కిలోలు చాలు.

బస్తా మొత్తానికి గాట్లు పెట్టలేం కాబట్టి వేడినీళ్లు పోయమంటారు. పాత విత్తనంలో చిక్కు ఇక్కడే ఉంది. గట్టి గింజలకు మేలు చేసే వేడి, వాటితో కలిసున్న మామూలు గింజల్లోకి సులువుగా దిగి వాటిని చంపేస్తుంది. అందుకే ముందు మొత్తాన్ని రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. పొద్దున ఉబ్బినవాటిని జల్లెడ పట్టి వేరుచేసి, పైతడి నీడలో ఆరగానే పదునున్న నేలలో చల్లేయాలి. కింద పడిన గట్టి గింజలకే మందు. నీళ్లు మరిగించి దించి, పొంగు తగ్గాక గింజలు పోసి, రెండు నిమిషాలకు వార్చి చన్నీళ్లలో వేయాలి. ఇదీ ముందు గుప్పెడుతో చేసి చూడాల్సిందే. రాత్రికి ఎక్కువ భాగం ఉబ్బితే సరిపోయింది. ఉబ్బాక పట్టాలో కుళ్లితే వేడి ఎక్కువైనట్టు.

వేడినీళ్ల జోలికి పోకుండా, పొడి విత్తనాన్ని గరుకు ఇసుకతో కలిపి గచ్చు మీద రుద్దే పద్ధతి కూడా ఉంది. గింజ నిగనిగ తగ్గి పైపొర మసకబారితే చాలు. పప్పుబద్దలు విడిపోయి కనబడితే రుద్దుడు మితిమీరిందని అర్థం.

ఈ వైద్యం అన్ని విత్తనాలకూ పనికిరాదు. కొత్తగా కోసిన వరికీ నిద్ర ఉంటుంది, కానీ వరి గింజ నీరు పీల్చుకునే నిద్రపోతుంది. ఆ నిద్ర నిల్వలో వారాలు గడిచేకొద్దీ దానంతటదే తీరుతుంది. కాబట్టి ఏడాది దాటిన వడ్లు ఉబ్బి కూడా మొలవకపోతే చచ్చినట్టే. ఉల్లి గింజకు గట్టి పెంకు బెడద లేదు, ఆయుష్షే తక్కువ. వీటిని రుద్దినా గాటు పెట్టినా ఒరిగేదేమీ లేదు.

జీలుగలోనైనా, గాట్లు పెట్టాక కూడా సగం మొలవకపోతే మోతాదు పెంచి చల్లడం దండగ. అలాంటి బస్తాలో మొలిచిన గింజలూ నీరసంగా ఉండి, పట్టాలో లేచినా మట్టిని చీల్చుకుని రాలేవు. పైపొర చెదిరిన విత్తనం నిల్వకు ఆగదు, గాలిలోని చెమ్మకే పాడవుతుంది. అందుకని పరీక్ష విత్తడానికి రెండు వారాల ముందు పెట్టుకోవాలి. రుద్దడం, నానబెట్టడం మాత్రం నేల పదునయ్యాకే.