కమీషన్ ఎక్కువ కోస్తే రాయాల్సిన లేఖ

ఆన్‌లైన్ మార్కెట్‌లో సరుకు అమ్ముడుపోతే కొన్నవారు కట్టిన సొమ్మంతా అమ్మకందారుకు చేరదు. కమీషన్, స్థిర రుసుము, రవాణా ఖర్చు, వాటిపై 18 శాతం జీఎస్టీ పోగా మిగిలింది జమవుతుంది. దీంతోపాటు పన్నుల కింద టీసీఎస్, టీడీఎస్ కూడా పడతాయి. ఆ రెండూ ప్రభుత్వానికి అమ్మకందారు పేరిట జమయ్యేవే. కాబట్టి సొమ్ము తగ్గిందనిపించినప్పుడు చెల్లింపు స్టేట్‌మెంట్‌లో కమీషన్ వరుసను విడిగా తీసి చూడాలి.

ఉదాహరణకు, 1,200 రూపాయల నూలు చీరకు ఒప్పుకున్న కమీషన్ 12 శాతం, అంటే 144 రూపాయలు. స్టేట్‌మెంట్‌లో 180 కోశారు. 180ని 1,200తో భాగిస్తే 15 శాతం తేలుతుంది. తేడా 36 రూపాయలు, దానిపై జీఎస్టీ 6.48, మొత్తం 42.48. ఇలాంటి ఆర్డర్లు 50 ఉంటే 2,124 రూపాయలు.

లేఖ రాసే ముందు ఈ తేడా ఎందుకొచ్చిందో వెతకాలి. వెయ్యి దాటిన ధరకు వేరే రేటు ఉండొచ్చు. ఆర్డరు తేదీకి ముందే రేట్లు మారి, ఆ నోటీసు ఈమెయిల్‌లో వచ్చి ఉండొచ్చు. కొనుగోలుదారు కట్టిన డెలివరీ చార్జీని కూడా కలిపి కమీషన్ లెక్కించి ఉండొచ్చు. ఇవేవీ కాకుంటే, చీర వేరే విభాగంలో నమోదై ఉందేమో చూడాలి. ఒకే చీర తాలూకు ఆర్డర్లన్నిటికీ 15 శాతమే పడి, మిగతా సరుకుకు రేటు సరిగ్గా ఉంటే అనుమానం విభాగం మీదే.

లేఖ ఒక్క విషయానికే పరిమితం కావాలి. పైన అమ్మకందారు ఐడీ, స్టేట్‌మెంట్ కాలం ఉండాలి. తర్వాత అసలు మాట: “నూలు చీరల విభాగానికి ఒప్పుకున్న రేటు 12 శాతం. జతచేసిన 50 ఆర్డర్లలో 15 శాతం కోశారు. అదనంగా కోసిన 1,800 రూపాయలకు, దానిపై జీఎస్టీ 324 రూపాయలకు క్రెడిట్ నోట్ ఇచ్చి సర్దుబాటు చేయగలరు. ఈ చీర ఏ విభాగంలో నమోదై ఉందో తెలపండి.” ఆర్డరు సంఖ్య, తేదీ, అమ్మిన ధర, కోసిన కమీషన్, కోయాల్సిన కమీషన్, తేడా వరుసగా ఉన్న పట్టికతోపాటు, ఆ తేదీకి అమల్లో ఉన్న రేట్ల పట్టిక ప్రతినీ జతచేయాలి. వాపసు వచ్చిన ఆర్డర్లను ఇందులో కలపకూడదు. వాటి కమీషన్ తిరిగి జమయ్యే పద్ధతి వేరు.

క్రెడిట్ నోట్ అడగడానికి కారణం ఉంది. కమీషన్‌పై కట్టిన జీఎస్టీని అమ్మకందారు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుని ఉంటే, 324 రూపాయలు తిరిగొచ్చినప్పుడు ఆ మేరకు క్రెడిట్‌ను తగ్గించుకోవాలి. నోట్ లేకుండా సొమ్ము మాత్రమే జమైతే పుస్తకాలు కలవవు.

కోతపై అభ్యంతరం చెప్పే గడువు ఒప్పందంలో ఉంటుంది. దాన్ని ముందే చూసుకోవాలి. ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. విభాగం సరిచేసిన తర్వాత వచ్చే స్టేట్‌మెంట్‌లో 12 శాతమే పడిందో లేదో సరిపోల్చాలి. గడువులో జవాబు రాకపోతే అదే లేఖను ఒప్పందంలో పేర్కొన్న నోటీసు చిరునామాకు పంపి, అందులోని వివాద పరిష్కార నిబంధనను అనుసరించాలి.